దుబాయ్ జీతంలో నెలనెలా ఇంటికి ఎంత పంపాలి: నేను లెక్క కట్టే పద్ధతి

జీతం పడగానే చాలామంది దిర్హాముల్లో ఆలోచిస్తారు: 'ఈ నెల 1,500 పంపుదాం' అని. నేను లెక్క రూపాయల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఊళ్లో బ్యాంకు కిస్తీ, ఇంటి ఖర్చు రూపాయల్లోనే ఉంటాయి, రేటు మారినా అవి మారవు.

3,200 దిర్హాముల జీతం తీసుకుందాం. బెడ్ స్పేస్, మెస్, ఫోను, బస్సు కలిపి 1,500 పోతే 1,700 మిగులుతుంది. ఇంట్లో కిస్తీ 14,000, ఖర్చులు 18,000, మొత్తం 32,000 రూపాయలు. దీన్ని ఈరోజు రేటుతో భాగించను. గత ఏడాదిలో చూసిన తక్కువ రేటుతో భాగిస్తాను. అది 23 అనుకుంటే 1,391 వస్తుంది, అంటే 1,400 దిర్హాములు పక్కన పెట్టాలి. రేటు 24కి వెళ్లిన నెలలో 1,333తోనే పని అయిపోతుంది. ఆ తేడాను జీతం పెరిగినట్టు ఖర్చు చేయకుండా ఇక్కడే ఉంచుతాను.

1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హాములు అని ఖాయం చేశారు. కాబట్టి మనకు పెరిగేదీ తగ్గేదీ డాలరు–రూపాయి రేటే. డాలరు 88 రూపాయలుంటే 88ని 3.6725తో భాగించండి, 23.96 వస్తుంది. డబ్బు పంపే ఎక్స్ఛేంజి కౌంటర్ మీద బోర్డు 23.80 చూపిస్తే, దిర్హాముకు 16 పైసలు వాళ్లు ఉంచుకుంటున్నారన్నమాట. ఇది రసీదులో ఎక్కడా రాయరు.

అసలు మోసపోయేది ఫీజు దగ్గర. ఒక ఎక్స్ఛేంజిలో రేటు 23.90, ఫీజు 23 దిర్హాములు, దాని మీద 5 శాతం వ్యాట్ కలిపి 24.15 అనుకుందాం. ఇంకో యాప్‌లో ఫీజు లేదు, రేటు మాత్రం 23.65. బోర్డు చూస్తే మొదటిదే మంచిదనిపిస్తుంది. 1,400 పంపి చూడండి. మొదటిదాంట్లో ఇంటికి చేరేది 33,460 రూపాయలు, మన జేబులోంచి పోయేది 1,424.15. రూపాయలను దిర్హాములతో భాగిస్తే నిజమైన రేటు 23.49. యాప్‌లో 23.65కు 23.65 దక్కుతుంది. అదే 3,000 పంపితే కథ తిరగబడుతుంది: ఎక్స్ఛేంజిలో 23.71 పడుతుంది, యాప్ వెనకపడుతుంది. ఈ రెండు రేట్ల మధ్య గీత దాదాపు 2,285 దిర్హాముల దగ్గర ఉంది. అందుకే 'ఎక్కడ పంపాలి?' అని అడిగేవాళ్లను ముందు 'ఎంత పంపుతున్నారు?' అని అడుగుతాను.

రేటు కోసం కాచుకు కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. 1,400 మీద 10 పైసలు పెరిగితే వచ్చేది 140 రూపాయలు. కిస్తీ తేదీ దాటి చెక్కో ఆటో డెబిట్టో వెనక్కి వస్తే, అంతకంటే ఎక్కువే బ్యాంకు పట్టుకుంటుంది. సగం ఇప్పుడు, సగం రేటు పెరిగాక అనుకుంటే రెండో ఫీజు 24.15 దిర్హాములు, అంటే దాదాపు 570 రూపాయలు. రెండో 700 మీద అంత రాబట్టాలంటే రేటు 80 పైసలకు పైగా పెరగాలి. వారం రోజుల్లో అంత పెరగడం అరుదు.

కాచుకోవాలంటే ఊళ్లో నిల్వ ఉండాలి. ఒక నెల ఖర్చు, అంటే 32,000, విదేశాల్లో ఉండేవాళ్లు మన దేశపు బ్యాంకులో తెరిచే ఎన్ఆర్‌ఈ ఖాతాలో ముందే ఉంటే కిస్తీ దానంతటదే వెళ్లిపోతుంది, మనం రెండు నెలలకోసారి 2,800 పంపవచ్చు. నెలకు 1,700లో 1,400 పోగా మిగిలే 300 దిర్హాముల చొప్పున ఈ నిల్వ కూడటానికి ఐదు నెలలు పడుతుంది. తర్వాత ఎక్స్ఛేంజిలో నెలనెలా పంపేవాళ్లకు రెండు నెలలకు ఒక ఫీజు మిగులుతుంది. పై యాప్ వాడేవాళ్లు ఆ 2,800ను ఎక్స్ఛేంజిలో పంపినా మిగిలేది 130 రూపాయలే, దానికోసం ఇంత తంటా అక్కర్లేదు. ఎన్ఆర్‌ఈ ఖాతా వడ్డీ మీద మన దేశంలో పన్ను లేదు, అది వేరే లాభం.

రేటు బాగుందని ఇక్కడ క్రెడిట్ కార్డు మీద అప్పు తీసి పంపేవాళ్లున్నారు. 2013 ఆగస్టులో రూపాయి డాలరుకు 68 దాటినప్పుడు ఆ ఊపు బాగా కనిపించింది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకుంటే, 24 రూపాయల రేటు మీద అది 72 పైసలు. రెండు నెలలు ఆలస్యమైతే పెరిగిన రేటంతా వడ్డీకే పోతుంది.

ఇక చివరి చిక్కు పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఊరి బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరమే ఉంటుంది. కొన్నిసార్లు దీనివల్ల డబ్బు ఆగి వెనక్కి వస్తుంది. ఫీజు సాధారణంగా తిరిగి రాదు, రేటూ మారిపోయి ఉంటుంది. పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తెప్పించుకుని, అందులో ఉన్న అక్షరాలే ఎక్కించండి. కొత్త ఖాతాకు మొదటిసారి చిన్న మొత్తమే పంపండి, అదీ కిస్తీకి కనీసం నాలుగు రోజుల ముందు.