మామిడితోట కాపలాదారు గోడ చుట్టి రావడం నేర్చుకున్న వైనం

నేను రాసుకుంటున్న చిన్న గేమ్‌లో ఒక పిల్లాడు తోటలో మామిడికాయలు కోస్తాడు, కాపలాదారు తరుముతాడు. తోట మ్యాప్ అంతా గళ్ల కాగితంలాంటిది. అడ్డంగా 20 గడులు, నిలువుగా 15. ఒక్కో గడి 32 పిక్సెళ్లు. కాపలాదారుకి మొదట నేనిచ్చిన తెలివి ఒక్కటే, పిల్లాడు ఎటుంటే అటు నడవడం. ఖాళీ నేల మీద బాగానే తరిమాడు. పిల్లాడు గోడ వెనక్కి వెళ్లగానే మాత్రం గోడకి మొహం ఆనించి అక్కడే కాళ్లాడిస్తూ ఉండిపోయాడు.

గోడ చుట్టి రావాలంటే కాసేపు పిల్లాడికి దూరంగా జరగాలి. ఎప్పుడూ దగ్గరయ్యే అడుగే వేసేవాడికి అది చేతకాదు. అందుకే దారి వెతికే ఏ-స్టార్ పద్ధతి పట్టుకున్నాను. 1968లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హార్ట్, నిల్సన్, రఫేల్ ప్రచురించిన పద్ధతి ఇది. వాళ్లు షేకీ అనే రోబో మీద పనిచేస్తున్నప్పుడు పుట్టింది.

దాని గుట్టంతా ఈ ఒక్క వరసలో ఉంది:

```
f = g + h
```

`g` అంటే బయల్దేరిన చోటు నుంచి ఈ గడి దాకా నిజంగా అయిన ఖర్చు. `h` అంటే ఇక్కడి నుంచి గమ్యానికి, మధ్యలో గోడలే లేవనుకుని వేసిన అంచనా. చూడాల్సిన గడుల్లో `f` అన్నిటికన్నా తక్కువున్నదాన్ని తీసి, దాని పక్క గడులకి లెక్కకట్టి, ఏ గడి నుంచి వచ్చామో రాసిపెట్టుకోవాలి. గమ్యం గడి చేతికొచ్చాక ఆ రాతల వెంట వెనక్కి వెళ్తే దారి దొరుకుతుంది.

కాగితం మీద ఒక ఉదాహరణ గీసుకున్నాకే నాకిది ఒంటబట్టింది. కాపలాదారు (2,3)లో, పిల్లాడు (6,3)లో ఉన్నారు. మధ్యలో (4,2), (4,3), (4,4) గోడ. నాలుగు దిక్కులే, అడుగుకి ఖర్చు 10. మొదట `f` 40. (3,3)కి వచ్చినా 40 (10 + 30). ఎదురుగా గోడ. పైకి (3,2)కి వెళ్తే `g` 20, `h` 40, మొత్తం 60. ఇంకా పైన (3,1)లో 30 + 50, అంటే 80. అక్కడి నుంచి గోడ దాటి దిగేదాకా 80 మారలేదు. గోడ వల్ల పెరిగిన ఖర్చు ఆ అంకెల్లో కళ్లకు కనిపిస్తుంది. దారి సరిగ్గా 8 అడుగులు.

కాపలాదారు గోడ చుట్టి వచ్చిన ఆ క్షణం నాకెంత సంతోషమైందో! కానీ గోడ లేని చోట కూడా మెట్లెక్కుతున్నట్టు మలుపులు తిరుగుతూ నడిచాడు. ఐమూలగా నడవనిచ్చి, ఆ అడుగుకి 14 పెట్టాను. 10ని రెండు వర్గమూలంతో గుణిస్తే 14 పైచిలుకే కదా.

అప్పుడు అదే మ్యాప్‌లో ఖర్చు 80 నుంచి 56కి పడిపోయింది. నాలుగూ ఐమూల అడుగులే. ఆడించి చూస్తే కాపలాదారు భుజం గోడ మూలలోంచి దూసుకుపోతోంది! (3,2) నుంచి (4,1)కి వెళ్లే అడుగు, గోడైన (4,2) అంచుని కోసుకుంటూ పోయేదే. ఐమూల అడుగుకి అటూ ఇటూ ఉన్న రెండు గడులూ ఖాళీగా ఉంటేనే వెళ్లనివ్వాలని షరతు పెట్టాను. ఖర్చు 68 అయింది, నడక సరిపడింది.

ఇంకో తప్పు మాత్రం చాలా రోజులు దొరకలేదు. కొన్ని చోట్ల కాపలాదారు కొంచెం వంకర దారి పట్టేవాడు. అనుమానం తీర్చుకోడానికి `h`ని పూర్తిగా సున్నా చేసి చూశాను. అప్పుడు వెతుకులాట నెమ్మదిస్తుంది గానీ, దొరికేది కచ్చితంగా తక్కువ ఖర్చు దారే. నా దారి 110, సున్నాతో వచ్చింది 104. అంటే తప్పు అంచనాలోనే ఉంది. ఐమూల అడుగులు పెట్టాక కూడా అడ్డం, నిలువు దూరాలు కలిపే పాత `h`నే వదిలేశాను. అటు రెండు, ఇటు రెండు గడుల దూరానికి నిజమైన ఖర్చు 28 అయితే అది 40 చెబుతోంది. అంచనా అసలు ఖర్చుని మించితే మంచి దారి పక్కకి పోతుంది. గమ్యానికి అడ్డంగా ఉన్న గడులు `dx`, నిలువుగా ఉన్నవి `dy` అనుకుని ఇలా మార్చాను:

```
h = 10 * max(dx, dy) + 4 * min(dx, dy)
```

ఇప్పుడు ఏ మ్యాప్‌లో అనుమానం వచ్చినా `h` సున్నాతో ఒకసారి పోల్చుకుంటాను.

చివరి చిక్కు, పిల్లాడు నాలుగు వైపులా కంచె ఉన్న బావి దగ్గరికి దూకినప్పుడు వచ్చింది. అక్కడికి దారే లేదు కాబట్టి కాపలాదారు చేరగల గడులన్నీ ప్రతి ఫ్రేమ్‌లోనూ వెతికి, గేమ్ ఆగి ఆగి నడిచింది. పిల్లాడు గడి మారినప్పుడు మాత్రమే మళ్లీ వెతకమన్నాను. దారి దొరక్కపోతే, చూసిన గడుల్లో `h` అన్నిటికన్నా తక్కువున్న చోటికి వెళ్లమన్నాను. ఇప్పుడు కాపలాదారు కంచె దాకా వచ్చి, పిల్లాడికి దగ్గరగా ఉన్న వైపు నిలబడి కాపు కాస్తున్నాడు.