ఓనా, సున్నానా?

సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బి పద్నాలుగున వస్తుంది, దాన్ని మా కొనుగోళ్లతో సరిచూసుకుని ఇరవైలోగా 3బి రిటర్న్ వేసేయాలి. ఈ మధ్య రోజుల్లో మా ఆఫీసులో అందరి కళ్లూ బిల్లు నంబర్ల మీదే. ఇవాళ ఒక హార్డ్‌వేర్ షాపు ఫైలు పట్టుకున్నాం. పైపుల సప్లయర్ బిల్లు ఒకటి కొనుగోళ్ల రిజిస్టర్లో ఉంది, 2బిలో లేదని ఎక్సెల్ చూపించింది. అదే సప్లయర్‌ది 2బిలో ఉండి రిజిస్టర్లో లేనిది ఇంకోటి. రెండింటికీ తేదీ ఒకటే. విలువ 24,000, పన్ను 4,320. పైకి చూస్తే నంబరు కూడా ఒకటే.

"అక్కా, రెండూ SO-0107 కదా, ఎందుకు కలవట్లేదు?" అన్నాడు మా కుర్రాడు.

ఇలాంటప్పుడు స్క్రీన్ దగ్గరికి ముఖం పెట్టి చూడటం దండగ. రెండో అక్షరం ఏమిటో ఎక్సెల్‌నే అడగాలి:

```
=CODE(MID(A2,2,1))
```

2బిలోని దానికి 79 వచ్చింది, అంటే ఓ అక్షరం. మా రిజిస్టర్లో దానికి 48, అంటే సున్నా. చిన్న ఎల్ అయితే 108, ఒకటి అయితే 49, పెద్ద ఐ అయితే 73.

తేడా ఎక్కడుందో తెలిసింది కానీ ఏది సరైనదో తెలియాలిగా. బిల్లేమో కార్బన్ కాపీ, అందులో ఓ, సున్నా రెండూ గుండ్రంగానే ఉన్నాయి. 2బిలో ఉందని అదే కరెక్టనుకోలేం, అక్కడ కనిపించేది సప్లయర్ తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో కొట్టిందే. అందుకని అతని మిగతా బిల్లులు తీశాం. అన్నీ ఎస్ ఓ, గీత, తర్వాత నాలుగు అంకెలు. ఫోన్ చేస్తే ఆయన "ఎస్ ఓ ఓ వన్ ఓ సెవెన్" అని గడగడా చదివేశాడు! "అన్నా, సున్నా ఉన్నచోట సున్నా అనే చెప్పండి" అంటే అప్పుడు తేలింది. రిజిస్టర్లో దిద్దేశాం.

వట్టి అంకెల నంబర్లు ఇచ్చేవాళ్ల దగ్గర పని సులువు. జనరల్ ఫార్మాట్ కాలమ్‌లో కొడితే అసలు అంకెలు కుడివైపు సర్దుకుంటాయి, మధ్యలో ఓ దూరినది ఎడమవైపు ఉండిపోతుంది.

మిగతా ఫైలుకి పక్కన ఒక కాలమ్ పెట్టి ఓని సున్నాగా, ఐ, ఎల్‌లను ఒకటిగా మార్చాం:

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(UPPER(A2),"O","0"),"I","1"),"L","1")
```

ఇది పోల్చుకోవడానికే, అసలు నంబరు కాలమ్ ముట్టుకోకూడదు. కుర్రాడు ఈ ఒక్క కాలమ్‌తోనే కలిపేస్తానన్నాడు, వద్దన్నాను. ఇదే ఫైల్లో ఒక సప్లయర్‌కి SL అని ఒక సిరీస్, S1 అని ఇంకో సిరీస్ ఉన్నాయి. SL-21, S1-21 రెండూ ఈ కాలమ్‌లో S1-21 అయిపోయాయి. జీఎస్టీ నంబరూ ఒకటే కాబట్టి అదీ పట్టివ్వదు. తేదీ, పన్ను మొత్తం కూడా జోడించాకే రెండూ విడిపోయాయి.