నా స్క్రిప్ట్ ఓకే అయ్యేసరికి: ఒక పాలసంచి కోసం పడ్డ పాట్లు

నిన్న సాయంత్రమే ఫైనల్ డ్రాఫ్ట్ లాక్ అయింది, మంట ఇంకా చల్లారకముందే రాసేస్తున్నా. మర్డర్ మిస్టరీ రాసి ఎక్కడైనా ఇవ్వాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

ఒక పేజీ కథ పంపడం, డైరెక్టర్‌కి నచ్చడం, రైటర్స్ అసోసియేషన్‌లో రిజిస్టర్ చేయించడం, ఇవన్నీ సాఫీగానే అయిపోయాయి. నేరేషన్ కూడా బాగా జరిగింది, ఇంటర్వెల్ దగ్గర ప్రొడ్యూసర్ గారు ఫోన్ పక్కన పెట్టి విన్నారు, అది చాలు. అసలు కథంతా బౌండ్ స్క్రిప్ట్ ఇచ్చాక పెట్టిన సిట్టింగ్‌లో.

ముందు నా కథ రెండు ముక్కల్లో చెప్తా. కాకినాడలో ఒక పెద్దావిడ, ఒంటరిగా ఫ్లాట్‌లో ఉంటుంది. రోజూ రాత్రి పడుకునే ముందు గ్రిల్‌కి గుడ్డసంచి తగిలిస్తుంది, తెల్లారి పాలబ్బాయి అందులో ప్యాకెట్లు వేసిపోతాడు. ఊరెళ్తే మాత్రం గ్రిల్‌కి "పాలు వద్దు" అని చీటీ పెడుతుంది, సంచి లోపలే ఉంటుంది. 4వ సీన్‌లో ఆవిడ ప్యాకెట్ ఎదురింటివాళ్ళు తీసుకున్నారని పెద్ద గొడవ, అంతా కామెడీ, ఆ గొడవలోనే చీటీ సంగతి కూడా వచ్చేస్తుంది. చివర్లో అల్లుడు "అత్తయ్య సాయంత్రమే ఊరెళ్ళిపోయింది" అంటాడు, కానీ మర్నాడు పొద్దున గ్రిల్‌కి సంచి వేలాడుతోంది, అందులో పాలున్నాయి. అంటే ఆ రాత్రి ఆవిడ ఇంట్లోనే ఉంది, అల్లుడు చెప్పింది అబద్ధం. కేసంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇక సిట్టింగ్. అక్కడొక క్రియేటివ్ హెడ్ గారున్నారు. పేరు చెప్పను, ఆయనా చదువుతాడేమో. మొదటి మాటే "బ్రదర్, గోడ మీద గన్ చూపిస్తే అది పేలాలి, రష్యన్ రచయిత చెహోవ్ చెప్పాడు, తెలుసా నీకు?" అని. తర్వాత ఎర్రపెన్ను తీసుకుని సీన్లలో కనిపించిన ప్రతి వస్తువు చుట్టూ సున్నాలు చుట్టడం మొదలెట్టాడు. ఫ్లాస్కు ఎందుకు? పేలుతుందా? కేలండర్ ఎందుకు? భర్త ఫోటో ఎందుకు? ప్రొడక్షన్ మేనేజర్, టీ తెచ్చిన కుర్రాడు, ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు, అందరి ముందూ నన్ను స్కూల్ పిల్లాడిలా నిలబెట్టి అడిగాడు. ఇంటికెళ్ళి ఎక్సెల్ షీట్ చేసి తెమ్మన్నాడు, ఒక కాలమ్‌లో ప్రాప్, పక్క కాలమ్‌లో అది పేలే సీన్ నంబర్. చేశా, ఏం చేస్తాం. అదంతా అయ్యాక ఆయన మొత్తం ఎగరగొట్టింది ఏది? పాలసంచి గొడవ! "లెంత్ ఎక్కువైంది, ఈ సీన్‌లో కథ ముందుకెళ్ళట్లేదు, కట్." మళ్ళీ ఆయనే క్లైమాక్స్ చదివి "ఈ సంచి ఎక్కడ్నించి ఊడిపడింది? ప్రేక్షకుడు ఫీలవడు" అన్నాడు. ఆయన కొట్టేసిన సీన్‌లోంచే సార్ ఊడిపడింది!

చెహోవ్ సంగతి నాకూ కాస్త తెలుసు కాబట్టి చెప్తున్నా. 1889లో ఒక రచయితకి ఆయన రాసిన ఉత్తరంలో ఉంది ఆ మాట, కాల్చే ఉద్దేశం ఎవరికీ లేనప్పుడు తూటాలు నింపిన తుపాకీ స్టేజి మీద పెట్టకూడదని. ప్రేక్షకుడికి ఆశ పెట్టి వదిలేయకూడదని ఆయన బాధ, అంతేగానీ ఇంట్లో ఫ్లాస్కు ఉండకూడదని కాదు. పైగా ఆయన చివరి నాటకం 'ది చెర్రీ ఆర్చర్డ్'లో రెండో అంకంలో ఒకావిడ చేతిలో తుపాకీ ఉంటుంది, ఒకాయన జేబులో రివాల్వర్ ఉంటుంది, ఒక్కటీ పేలదు. ఇది నేను సిట్టింగ్‌లో అనలేదు, అని ఉంటే చెక్కు ఆగేది.

నా లెక్క ఏంటంటే, సినిమాలో వస్తువు బరువు కెమెరాని బట్టి ఉంటుంది. వెనకాల అలమరలో ఉన్న ఫ్లాస్కు ఇంట్లో సామాను, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అదే ఫ్లాస్కుకి క్లోజప్ వేసి రెండు సెకన్లు ఆగావా, ప్రేక్షకుడికి బాకీ పడ్డట్టే. మిస్టరీలో ఇంకో చిక్కుంది. బాకీ పడ్డావని వాడికి తెలిసిపోతే హంతకుడు ముందే దొరికిపోతాడు, తెలియకపోతే చివర్లో మోసం అంటాడు. అందుకే వస్తువుకి ముందుగా మామూలు పని ఒకటి చేయించెయ్యాలి, దాని పని అయిపోయిందని ప్రేక్షకుడు మర్చిపోయాక రెండోసారి వాడుకోవాలి.

దీనికి హిచ్‌కాక్ 'డయల్ ఎం ఫర్ మర్డర్' (1954) కంటే మంచి పాఠం నాకు కనపడలేదు. అందులో తాళంచెవిని అసలు దాచరు. భర్త టోనీ, భార్య హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి కొట్టేసి మెట్ల కార్పెట్ కింద పెడతాడు, కిరాయి హంతకుడు స్వాన్ దాంతో తలుపు తీసుకుని లోపలికొస్తాడు. ఆమె తిరగబడి కత్తెరతో పొడిస్తే వాడే చస్తాడు. ఆ కత్తెర కూడా ఉత్తినే రాలేదు, ఆ రాత్రి ఆమె బయటికెళ్ళకుండా పేపర్ కటింగులు కత్తిరించే పని అంటగట్టింది భర్తే. తర్వాత టోనీ, స్వాన్ శవం జేబులో ఉన్న తాళంచెవి తీసి భార్య బ్యాగులో పెట్టేస్తాడు. ప్రేక్షకుడు తాళంచెవి కథ అయిపోయిందనుకుంటాడు. కానీ స్వాన్ తలుపు తీసిన వెంటనే తాళంచెవిని కార్పెట్ కిందే తిరిగి పెట్టేశాడు, జేబులోది వాడి సొంత ఇంటిది! బ్యాగులోది తలుపుకి పట్టకపోయేసరికి ఇన్‌స్పెక్టర్‌కి దారి దొరుకుతుంది, టోనీ చివరికి కార్పెట్ కింద చెయ్యి పెట్టి తనే దొరికిపోతాడు. సినిమా అంతా అందరి కళ్ళముందే తిరిగిన వస్తువు, కొత్తగా ఏదీ తేలేదు.

ఇదంతా డైరెక్టర్ గారికి విడిగా టీకొట్టు దగ్గర చెప్పా. ఆయనకి ఎక్కింది గానీ "సీన్ నేను కాపాడలేను, నువ్వే దారి చూడు" అన్నారు. అప్పుడు తట్టిన ఉపాయం ఇది, రాసేవాళ్ళు నోట్ చేసుకోండి: క్లూని కామెడీ సీన్‌లో ఒంటరిగా వదలొద్దు, లెంత్ తగ్గించాలంటే ముందు తెగేది అదే. తీస్తే కథ ఆగిపోయే సీన్‌లో కట్టెయ్యండి. నేను గొడవని తీసుకెళ్ళి అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చే సీన్‌లో పెట్టా. అత్తగారు గ్రిల్ దగ్గర అరుస్తుంటే అల్లుడే సంచి తీసి ఆవిడ చేతికిస్తాడు, చీటీ సంగతి ఆవిడ వాడికే చెప్తుంది, ఆ వెంటనే డబ్బు మాట. ఆ సీన్ కొయ్యడం ఎవరి తరమూ కాదు. పైగా సంచి రూలు వాడికి తెలిసి కూడా కంగారులో మర్చిపోయాడన్నమాట, ముందుకంటే గట్టిగా కూర్చుంది. నడుమ ఒక్కసారి పాలబ్బాయి నెల బిల్లు అడిగే డైలాగ్‌లో సంచిని గుర్తుచేశా, లేకపోతే గంటన్నర గ్యాప్‌లో జనం మర్చిపోతారు.

చెక్ చేసుకోడానికి మా పిన్నికి సగం వరకు చదివి వినిపించి ఏం గుర్తుందని అడిగా. "ఆ సంచిలో ఏదో ఉంది" అంటే ఎక్కువ చూపించినట్టు, సంచే గుర్తులేకపోతే తక్కువైనట్టు. మా పిన్ని "పాల దగ్గర అంత గొడవేంట్రా, ఆవిడ మన వీధి చివర సుబ్బలక్ష్మిలా ఉంది" అంది. సరిగ్గా అదే నాక్కావలసింది.

క్రియేటివ్ హెడ్ గారు కొత్త డ్రాఫ్ట్ చదివి "చూశావా, నేను చెప్పాక ఎంత టైట్ అయిందో" అన్నాడు. సరే సార్ అన్నా. ఇప్పుడు కొత్త పేచీ, మొదటి సీన్‌లోనే సంచికి క్లోజప్, దాని మీద బీజీఎం కావాలట. మాటలు నడుస్తున్న మిడ్ షాట్‌లోనే సంచి చేతులు మారాలని, విడిగా షాట్ వద్దని స్క్రిప్ట్‌లోనే రాసి డైరెక్టర్ గారితో సంతకం పెట్టించుకున్నా. రెండో వాయిదా డబ్బులు మాత్రం ఇంకా పడలేదు, అకౌంట్స్‌లో అడిగితే సోమవారం అంటున్నారు.