గ్యాస్ అడ్డొచ్చిన స్కానింగ్

సకినాలు, గారెలు తిన్న రాత్రి కుడి పక్కటెముకల కింద నొప్పి లేచి భుజం వెనక దాకా పాకేది. ఊళ్లో డాక్టర్ "గ్యాసేనమ్మా" అని మాత్రలిచ్చాడు. తగ్గకపోతే దేవరకొండ నుంచి నల్లగొండ పోయి పొట్ట స్కానింగ్ చేయించుకున్నాను. సెంటర్ వాళ్లు ఫోన్‌లో చెప్పింది "నీళ్లు బాగా తాగి రండి" అని మాత్రమే. తినొచ్చా అంటే "ఏం పర్లేదు" అన్నారు. ఇడ్లీ తిని, చాయ్ తాగి వెళ్లాను.

స్కానింగ్ చేసేటాయన తెర వైపే చూస్తూ "క్లోమం కనబడ్తలేదు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. మా పెదనాన్న క్లోమం క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ రాత్రి నా క్లోమాన్ని ఏదో తినేసిందనే అనుకున్నాను. మా ఆయన "ఏం గాదు, పండుకో" అని అటు తిరిగి గురక పెట్టాడు. నేను చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకుంటూ తెల్లార్లూ కూర్చున్నాను.

ఇంకో ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చదివి నవ్వింది. "కనబడలేదంటే లేదని కాదమ్మా, ముందు గ్యాస్ అడ్డొచ్చింది" అంది. ఈ స్కానింగ్ శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. అవి గాలి తగలగానే దాదాపు అన్నీ వెనక్కి తిరిగొస్తాయి, దాని వెనకున్నది తెర మీద మసకే. చర్మం మీద జెల్ పూసేది కూడా మధ్యలో గాలి లేకుండా చేయడానికే. క్లోమం కడుపు వెనక దాక్కొని ఉంటుంది కాబట్టి ముందు దెబ్బ దానికే. ఇక తిండి తినగానే పిత్తాశయం పసరు వదిలి ముడుచుకుపోతుంది. అప్పుడు గోడ మందంగా కనిపిస్తుంది, లోపలి చిన్న రాళ్లు దొరకవు. నీళ్లతో నిండాల్సింది మూత్రాశయం. అది పేగుల్ని పక్కకు నెడితే గర్భసంచి కనిపిస్తుంది. అంటే ఆ ఫోన్ మాట సగం పొట్టకే సరిపోతుంది!

రెండోసారి రాత్రి ఎనిమిదికల్లా పప్పు, పాలు లేకుండా కొంచెం అన్నం తిన్నాను. పొద్దున చాయ్ లేదు, బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకున్నాను. స్కానింగ్‌కు గంట ముందు నాలుగు గ్లాసుల నీళ్లు నిదానంగా తాగి, మూత్రానికి వెళ్లకుండా ఆపుకున్నాను. గటగటా తాగితే గాలి కూడా లోపలికి పోతుందట. సోడా, చూయింగ్ గమ్, పొగాకు కూడా వద్దన్నారు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రలు, ఇన్సులిన్ సంగతి ముందే డాక్టర్‌ను అడగాలి, ఖాళీ కడుపున వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

అయినా కొంచెం గ్యాస్ ఉంది. డాక్టరమ్మ గట్టిగా నొక్కి, ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టమంది. ఇంకో గ్లాసు నీళ్లు తాగించింది. కడుపులో నీళ్లుంటే వాటిలోంచి తరంగాలు దాటి క్లోమం దాకా పోతాయట. క్లోమం శుభ్రంగా కనిపించింది. పిత్తాశయంలో రాయి కూడా! నేను పక్కకు తిరగగానే అదీ దొర్లింది, దాని వెనక నల్లటి నీడ పడింది. ఆపరేషన్ అయింది, మొక్కూ తీర్చాను.

ఇంత చేసినా కొందరిలో క్లోమం చివరి భాగం కనిపించదు, అప్పుడు సీటీ స్కాన్ రాస్తారట. ఆ మొదటి సెంటర్ ఆయన "గ్యాస్ ఉందమ్మా, ఖాళీ కడుపుతో మళ్లీ రా" అంటే ఆయన సొమ్మేం పోయేది?