రెండూ పది నుంచి రెండూ పదిహేడు దాకా

ముప్పై ఏళ్లుగా రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. రోజుకు పద్దెనిమిది సిగరెట్లు కాల్చేవాణ్ణి. ఇది ఉజ్జాయింపు కాదు, మిల్లు ఎదుటి బడ్డీకొట్టులో నాకు ఖాతా ఉండేది. నిరుడు కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున ఛాతీ మీద బస్తా వేసినట్టు బరువు, ఎడమ చేతిలోకి పాకే నొప్పి, ఒళ్లంతా చెమట. గుండెపోటు అన్నారు. యాంజియోగ్రామ్, ఒక స్టెంటు, ఐదు రోజుల ఆసుపత్రి. ఆ భాగం చాలామంది ఎరిగినదే కాబట్టి వదిలేస్తున్నాను.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు గారు కాగితాల మీద సంతకం చేస్తూ, నా వైపు చూడకుండా మా ఆవిడతో, “ఈయన మానరమ్మా. ఇలాంటివాళ్లను రోజూ చూస్తున్నాం. ఆరు నెలల్లో మళ్లీ తీసుకొస్తారు” అన్నారు. నా ప్రాణం నిలిపిన చేతులకు దండం పెడతాను. ఆ మాటను మాత్రం ఇప్పటికీ మింగలేను. మానరని చెప్పడానికి ఆయనకు తీరిక ఉంది, ఎలా మానాలో చెప్పడానికి లేకపోయింది.

చెప్పింది రాత్రి డ్యూటీ నర్సమ్మ. పాతికేళ్లు కూడా ఉండవు. “బాబాయ్ గారూ, యావ వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకండి. గడియారం చూసి పది నిమిషాలు వాయిదా వేయండి. ఈలోగా చేతులకు పని చెప్పండి, ఊపిరి నెమ్మదిగా వదలండి” అంది. నాకు నవ్వొచ్చింది. పది నిమిషాలు ఆగినవాడు పదకొండో నిమిషంలో వెలిగించడా?

ఇంటికొచ్చిన రెండో రాత్రి మెలకువ వచ్చేసరికి నోరు ఎండిపోయింది, వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. పాత చిట్టా పుస్తకాల వెనక దాచిన పెట్టె ఉందని నాకొక్కడికే తెలుసు. చప్పుడు కాకుండా తీసుకుని డాబా మెట్ల మీద కూర్చున్నాను. గుండె దడదడలాడుతోంది. మళ్లీ అదేనేమోనని భయం. కాల్చినా చస్తాను, కాల్చకపోయినా చస్తాననిపించింది. అగ్గిపెట్టె తీయబోతుంటే గడియారం కనిపించింది. రెండూ పది.

ఆ అమ్మాయి మాట గుర్తొచ్చి నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి తీసుకున్నాను, ఆరు లెక్కపెడుతూ నోటితో వదిలాను. మొదట కంగారులో గబగబా, గట్టిగా లాగాను. పెదాలు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది. ఊపిరి ఎక్కువ లాగడం కాదు, వదలడం సాగదీయాలి అని అప్పుడు తెలిసింది. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. మణికట్టు పట్టుకుని చూశాను, నిజమే. రెండూ పద్నాలుగుకు యావ బాగా ముదిరింది, పెట్టె మూత తెరిచాను కూడా. లెక్క తప్పకుండా ఊపిరి వదులుతూనే ఉన్నాను. కాసేపటికి కాళ్లను దోమలు కుడుతున్నాయని తెలిసింది. అంతసేపూ కుడుతూనే ఉండి ఉంటాయి, నాకు తెలియలేదు. గడియారం చూస్తే రెండూ పదిహేడు. పదకొండో నిమిషం అవసరమే పడలేదు.

సిగరెట్ పెట్టె మీద పొగ మానాలనుకునేవారికి సాయం చేసే ఫోను నంబరు 1800-11-2356 అని ఉంటుంది. అన్నేళ్లుగా కొంటున్నా ఆ రాత్రే చదివాను. పొద్దున్నే ఫోను చేశాను. తెలుగులో మాట్లాడిన అమ్మాయి ఓపికగా చెప్పింది. మానిన మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ముదిరి ఉంటాయి. నాకు ఆ రోజులు ఆసుపత్రిలోనే గడిచాయి, మందుల మత్తులో తెలియలేదు. ఆ అసహనం మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది, నిమిషాల్లో కాదు. నిమిషాల్లో పోయేది దాని మీద లేచే కెరటం. అన్నం తిన్నాక, కాఫీ తాగాక, ఫోను మోగినప్పుడు మెదడు పాత అలవాటుకొద్దీ ఇక పొగ వస్తుందని ఎదురుచూస్తుంది. ఆ ఆత్రాన్ని ఒంట్లో ఎంతోసేపు నిలబెట్టుకోలేం. రావలసింది రాకపోతే దానంతటదే దిగుతుంది.

నాకు మా వీధి కుక్క గుర్తొచ్చింది. కంచం చప్పుడు కాగానే గుమ్మం దగ్గరికి వస్తుంది. ముద్ద వేయకపోతే కాసేపు చూసి పోతుంది. పది రోజులు అలా పోయాక చప్పుడైనా లేవదు. మధ్యలో ఒక్కరోజు వేశామా, ఆ తర్వాత ఇంకా ఎక్కువసేపు కూర్చుంటుంది.

అప్పటినుంచి యావకూ చిట్టా రాశాను. వేళ, చోటు, ఎన్ని నిమిషాలు. మొదటి వారం రోజుకు పన్నెండు, పద్నాలుగు సార్లు. ఎక్కువ మూడు నుంచి ఆరు నిమిషాలు, ఒక్కటి పదకొండు. టీవీ చూడటం పని చేయలేదు, చేతులు ఖాళీగా ఉంటాయి. వెల్లుల్లి రెబ్బలు ఒలవడం బాగా పనికొచ్చింది. మా ఇంట్లో ఆ నెల వెల్లుల్లి లేని కూర లేదు. కాఫీ ఒకటి మోసం చేసింది. పొగ మానినవారి ఒంట్లో కాఫీ ప్రభావం మునుపటికన్నా ఎక్కువసేపు నిలుస్తుందట. ఆ వణుకును యావ అనుకున్నాను. నాలుగు కప్పులను రెండు చేశాక సగం పోయింది.

చిట్టాలో ఇరవై నిమిషాలు దాటిన పద్దు ఒకే ఒక్కటి ఉంది. మూడో వారంలో మా బావమరిది టీ కొట్టుకు తీసుకెళ్లాడు. చుట్టూ నలుగురు కాలుస్తున్నారు. వాయిదా వేశాను, ఊపిరి లెక్కపెట్టాను, దిగలేదు. “ఒక్కటికి ఏమవుతుంది బావా” అన్నాడు. కాల్చాను. కెరటం దిగుతుందన్న మాట అబద్ధమని ఆ రాత్రి ఏడ్చాను. తర్వాత తప్పు తెలిసింది. పొగ వాసన ముక్కుకు తగులుతూనే ఉంటే కొత్త కెరటం లేస్తూనే ఉంటుంది. ముందు అక్కడినుంచి లేవాలి, తర్వాతే వాయిదా. ఆ ఒక్క సిగరెట్టు నాకు వారం ఖరీదు చేసింది. మా బావమరిదితో పండక్కి కూడా సరిగా మాట్లాడలేదు.

రెండు మాటలు చెప్పాలి. ఛాతీ బరువెక్కి, చెయ్యో దవడో లాగి, చెమట పడితే వాయిదాలు, ఊపిరి లెక్కలు వద్దు, వెంటనే 108. ఆ రాత్రి నాకు దడ దిగింది కాబట్టి సరిపోయింది, అంత ఆగడం కూడా పొరపాటేనని తర్వాత చూపించుకున్నప్పుడు చెప్పారు. రెండోది, మా మిల్లు హమాలీ ఒకతను ఇదే పద్ధతిలో రోజూ తాగే మందు ఒక్కసారిగా మానితే చేతులు వణికి, నిద్ర లేక ఆసుపత్రి పాలయ్యాడు. ఏళ్లుగా రోజూ తాగేవారు డాక్టరు దగ్గరే మానాలి.

మా ఆవిడ ద్వారకా తిరుమల మొక్కుకుంది. వేసవిలో వెళ్లి నేను తలనీలాలు ఇచ్చి వచ్చాం. వెంకన్న కాపాడాడని ఆమె, వెల్లుల్లి కాపాడిందని నేను. నిజానికి ఆమె నమ్మకాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. అయినా ఇప్పటికీ రోజూ సాయంత్రం నా చొక్కా వాసన చూస్తుంది. కోపం వస్తుంది, ఏమీ అనలేను.

ఆరు నెలల పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు గారి ముందు చిట్టా పెట్టాను. రెండు పేజీలు తిప్పి, “చేతిరాత బాగుందండీ” అన్నారు. పాత మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. నర్సమ్మ కోసం వార్డుకు వెళ్తే వేరే ఊరు వెళ్లిపోయిందన్నారు.

నిన్నటి పద్దు ఇది: సాయంత్రం ఐదూ నలభై, మిల్లు గేటు, తొలకరి వాసన, రెండు నిమిషాలు.