బత్తాయి, ఎడమకు, ఒక కిలోమీటరు

ఇవాళ మా బోర్డుల షాపు మూసినా తల్లో నుంచి ఒక తోట బోర్డు పోవట్లేదు. అందరూ పడుకున్నారు. ఇక్కడన్నా కక్కేస్తే నిద్రపడుతుందేమో.

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వచ్చే రోడ్డు మీద బత్తాయి తోట ఉన్న ఒక తమ్ముడు మధ్యాహ్నం వచ్చాడు. మార్కెట్లో దళారుల చేతిలో నలిగి నలిగి, ఈసారి తోట గేటు దగ్గరే కాయ అమ్ముదామనుకుంటున్నాడు. మంచి ఆలోచన. గేటుకు కిలోమీటరు ముందు వాళ్ళ చిన్నాయన చేను ఉందట, అందులో ఇరవై బై పది అడుగుల బోర్డు పెడతాడు. కాగితం మడత విప్పి నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"శ్రీ జడల రామలింగేశ్వర స్వామి ప్రసన్న. మా వద్ద తోటలో చెట్టు మీదనే పండిన, స్వచ్ఛమైన, రసాయనాలు లేని, నాణ్యమైన బత్తాయి పండ్లు హోల్‌సేల్ మరియు రిటైల్‌గా సరసమైన ధరలకు లభించును. శుభకార్యములకు ఆర్డర్లపై సప్లయి చేయబడును. ఒక్కసారి దయచేయండి."

కింద ప్రొప్రైటర్ పేరు, రెండు ఫోన్ నంబర్లు. పక్కన వాళ్ళ నాయన ఫొటో, తన ఫొటో, ఇంకో పెద్దమనిషి ఫొటో.

"తమ్మీ, ఇది బండి నడిపేటోళ్ళు చదవలేరు" అన్నాను. "ఎందుకు చదవరక్కా, గంత పెద్ద బోర్డు పెడుతుంటే!" అన్నాడు. ఆ మాట రోజూ వింటాను. బోర్డు పెద్దదైతే చాలు, ఎన్ని మాటలైనా పడతాయని అందరి నమ్మకం. చదరపు అడుగుకింత అని డబ్బు కడుతున్నప్పుడు ఖాళీ కనిపిస్తే నష్టపోయినట్టు ఉంటుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఖాళీ నింపడం కోసం జనం కన్ను రోడ్డు మీద నుంచి తప్పిస్తామంటే ఒప్పుకోలేను. ఆ రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకున్న బైకులు అన్నీ కలిసే పోతాయి. 2006లో అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్ళు వంద కార్లలో కెమెరాలు పెట్టి చేసిన పరిశీలన ఒకటుంది. డ్రైవరు చూపు రెండు సెకన్లకు మించి రోడ్డు మీద నుంచి పక్కకు పోతే ప్రమాదం, లేదా తృటిలో తప్పిన ప్రమాదం అయ్యే అవకాశం కనీసం రెండింతలు అవుతుందని అందులో తేలింది. అంటే నాకున్నది రెండు సెకన్లు. అంతకు మించి అడగడం తప్పు.

కాగితం వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించాను. ఎనభై స్పీడు మీద బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అక్షరం అంగుళం ఎత్తుంటే పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు, ఇది బోర్డుల వాళ్ళు వాడే మోటు లెక్క. ఆ ముప్పై మాటలూ ఫొటోలతో పాటు ఆ బోర్డులో ఇరికిస్తే అక్షరం ఐదంగుళాలు దాటదు. ఐదంగుళాలంటే యాభై అడుగులు, పదిహేను మీటర్లు. ఒక్క సెకను కూడా కాదు. పైగా అంత దగ్గరికి వచ్చేసరికి బోర్డు ముందు అద్దంలో నుంచి పక్క కిటికీలోకి జరిగిపోతుంది. డ్రైవరు మెడ తిప్పితే తప్ప కనపడదు.

ఈ లెక్కలోనూ మన అక్షరాలకు ఇంకో కోత ఉంది. అంగుళానికి పది అడుగులన్నది ఇంగ్లిషు పెద్దక్షరాలు చూసి కట్టిన లెక్క. మనకు పైన గుడి, కింద వత్తు. లైనుకు అడుగు ఎత్తు ఇస్తే అందులో అసలు అక్షరానికి మిగిలేది సుమారు సగం. "స్వచ్ఛమైన" అన్న మాట దూరం నుంచి చూడండి, కింద వత్తులన్నీ కలిసి ఒక మరక. ప, వ పక్కపక్కన ఉంటే తేడా తెలియదు. అక్షరం బాగా లావుగా పెడితే కనిపిస్తుందనుకుంటారు గానీ, లావయ్యేకొద్దీ అక్షరం లోపలి సందులు పూడుకుపోతాయి. ఏడు మాటలు మించకూడదన్న నియమం ఒకటి ఈ పనిలో అందరూ చెబుతారు. మనకు అది కూడా సరిపోదు. మన మాట ఒక్కటే బోర్డంత పొడుగుంటుంది. "శుభకార్యములకు" ఒక్క మాటే కదా! నేను మాటలు లెక్కపెట్టను, అక్షరాలు లెక్కపెడతాను. వత్తుంటే రెండు కింద లెక్క.

ఇంతా చెబితే తమ్ముడు ఏమన్నాడు? "అయితే నాయన ఫొటో కొంచెం చిన్నగ పెట్టు." నాకు పిచ్చి కోపం వచ్చింది. బయటికి చూపించలేదు. ఊరంతా ఇదే. క్లాక్ టవర్ దగ్గర నిలబడి ఏ దిక్కు చూసినా మొహాలే. ఏ షాపు ఏం అమ్ముతుందో తెలియదు గానీ ఎవరి తమ్ముడు ఎవరో మాత్రం తెలుస్తుంది.

మా నాయన ఉంటే ఈ తమ్ముణ్ణి బస్సెక్కించేవాడు.

నాయన గోడల మీద ప్రకటనలు రాసేవాడు. నీలం పొడి అద్దిన దారం గోడకు పట్టి లాగి వదిలితే టప్పున గీత పడేది, ఆ గీతల మధ్య అక్షరాలు. మిర్యాలగూడ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిన కాలంలో ఆయనకు చేతినిండా పని. రాసిన మర్నాడు నన్ను ఎక్స్‌ప్రెస్ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు. గోడ ఎక్కడుందో చెప్పడు. దాటాక, "ఏం చదివినవు బిడ్డా?" అని అడిగేవాడు. ఒకసారి ఒక సిమెంటు గోడ గురించి "సిమెంటు అని ఉంది నాయనా, ఇంకేదో బలం గిలం" అన్నాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి బీడీ కట్ట తీసి, దాని మీద కాగితంలో ఆ గోడ బొమ్మ పెన్సిలుతో మళ్ళీ గీసుకున్నాడు. కంపెనీ పేరు గోడ నిండా, "గట్టిది" అన్న ఒక్క మాట పక్కన. మిగతా పొగడ్తలన్నీ కింద, మోకాలి ఎత్తున, చిన్నగా. ఏజెంటు వచ్చి గొడవ పెట్టుకుంటే, "అవి బస్సు కోసం ఆగి నిలబడేటోళ్ళకు సార్, వాళ్ళకు టైమ్ ఉంటది" అన్నాడు. ఏజెంటు ఆ చిన్న లైన్లు వంగి మొత్తం చదివి, డబ్బులిచ్చి పోయాడు.

కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం మీద నాయనకు అసూయ ఉండేది. "దానికి చదువు కూడా అక్కర్లేదు, దూరంగ రంగు కనపడితే సమజైతది" అనేవాడు.

ఇది రాస్తుంటే అనిపిస్తోంది, తమ్ముడి మాటలు నేను చంపక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. గేటు దగ్గర బండి ఆగాక మనిషి తీరిగ్గా నిలబడతాడు. అక్కడ స్వామి పేరు, వాళ్ళ నాయన ఫొటో, హోల్‌సేల్, ఆర్డర్లు, ఫోన్ నంబరు అన్నీ పెట్టొచ్చు. రోడ్డు మీద నంబరు ఎవరూ రాసుకోలేరు, గేటు దగ్గర ఫోన్లోనే ఎక్కించుకుంటారు. మధ్యాహ్నం ఈ మాట చెప్పి ఉంటే ఆ పిల్లవాడు అంత చిన్నబుచ్చుకుని పోయేవాడు కాదు.

ఇంటికొచ్చాక కాగితం మీద పరీక్ష పెట్టాను. ఇరవై అడుగుల బోర్డును ఒక అడుగు వెడల్పు కాగితం మీదికి దించితే, పదహారు అడుగుల దూరం నుంచి చూడటం అంటే రోడ్డు మీద దాదాపు వంద మీటర్ల నుంచి చూసినట్టే. మా వంటింటి గుమ్మం నుంచి వాకిలి దాకా సరిగ్గా సరిపోతుంది. పెద్దక్షరాలతో "చెట్టు నుంచి చేతికి" అని రాశాను, కింద బత్తాయి బొమ్మ. నాకైతే తెగ నచ్చింది, చ మీద చ పడింది. వాకిట్లో కూర్చున్న అత్తమ్మకు రెండు సెకన్లు చూపించి దాచాను.

"ఏం రాసుందత్తమ్మా?"

"చెట్టు... చేతికి. ఏందే అది, నిమ్మకాయా?"

అంతే, ఆ లైను రోడ్డు మీద పనికి రాదు. వంద మీటర్ల నుంచి బత్తాయి బొమ్మ నిమ్మకాయ కావచ్చు, జామకాయ కావచ్చు. కాయ పేరు రాయక తప్పదు. ఆ మాట మూడక్షరాలే: బ, త్తా, యి. బోర్డులో సగానికి పైగా దానికే ఇచ్చేస్తే అక్షరం మూడడుగులు వస్తుంది, వత్తుకు కింద వేరే చోటు. మూడడుగులంటే 36 అంగుళాలు, లెక్క ప్రకారం 360 అడుగులు, అంటే 110 మీటర్లు. ఐదు సెకన్ల ముందు నుంచే కనపడుతుంది, అందులో ఒక్క చూపు చాలు. కింది లైను "ఎడమకు 1 కి.మీ.", పక్కన బాణం. దీనికి అడుగున్నర అక్షరం, రెండున్నర సెకన్లు. మళ్ళీ రాసి పిల్లదానికి చూపిస్తే ఫోన్లోంచి తలెత్తి, చదివి, మళ్ళీ తల దించి చెప్పింది: "బత్తాయి, ఎడమకి, కిలోమీటరు. అమ్మా, ఇక నన్నొదిలెయ్."

కిలోమీటరు దాటడానికి ఎనభై స్పీడులో 45 సెకన్లు. పక్కవాళ్ళను "ఆపుదామా?" అని అడిగి, వెనక లారీ చూసుకుని, స్పీడు తగ్గించడానికి సరిపోతుంది. గేటుకు రెండొందల మీటర్ల ముందు అదే మాట, అదే బాణంతో ఇంకో చిన్న బోర్డు ఉండాలి, లేకపోతే గేటు దాటేసి వెనక్కి తిప్పుకునే బళ్ళతో ఇంకో ప్రమాదం.

ఒక్కటే వెలితి. ఈ జిల్లాలో బత్తాయి తోటలకు కొదవా? వారానికోసారి ఆ దారిన పోయేవాడు మా తమ్ముడి తోటనే ఎట్లా గుర్తుపెట్టుకుంటాడు? మొదట పేరు పెడదామా అనుకున్నాను. పెడితే బత్తాయి చిన్నదవుతుంది. అప్పుడు నాయన త్రికోణం మాట పనికొచ్చింది. మూడు బోర్డులూ, గేటు కూడా, నిండు పసుపు మీద నల్లక్షరాలు. దూరం నుంచి బాగా చదవగలిగే జంటల్లో అదొకటి. వాళ్ళ కాగితంలో అడిగిన నీలం మీద ఎరుపైతే అక్షరాల అంచులు కళ్ళముందు అదిరినట్టుంటాయి. "పసుపు బోర్డు తోట కాడ కొన్నం" అని జనమే చెప్పుకోవాలి. పేరు అట్లా పుడితే బోర్డు మీద చోటు అడగదు.

"చెట్టు నుంచి చేతికి" మాత్రం గేటు పైన పెట్టిస్తాను, అది వదులుకోవడం నావల్ల కాదు.

పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేయాలి. ముందు అడగాల్సింది ఆ చేను గట్టు మీద తుమ్మచెట్టు ఉందా అని. ఉంటే 110 మీటర్లలో సగం దాని వెనకే పోతాయి, బోర్డును ఇంకో చెలకలోకి జరపాలి, అప్పుడు "1 కి.మీ." కూడా మార్చాలి.