రెండో విడత వచ్చింది: సబ్‌గ్రాంటు చెల్లింపుల పట్టికతో నా అనుభవం

నిన్న మా ఖాతాలో రెండో విడత పడింది. ఇన్నాళ్ల టెన్షన్ ఇంకా పూర్తిగా దిగలేదు, అందుకే మరిచిపోకముందే రాస్తున్నాను. మాది చిన్న సంస్థ. లెక్కలు నేనే చూస్తాను. ఒక పెద్ద దాతృత్వ సంస్థ తనకు వచ్చిన గ్రాంటులో కొంత భాగాన్ని పన్నెండు నెలల పనికి మాకు సబ్‌గ్రాంటుగా ఇచ్చింది. ఒప్పందానికి రెండు అనుబంధాలు ఉన్నాయి. ఒకటి బడ్జెట్, రెండోది చెల్లింపుల పట్టిక. ఒప్పందాన్ని అందరూ చదువుతారు, అనుబంధాలను మాత్రం చివర్లో తిరగేసి వదిలేస్తారు. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఆ అనుబంధాలే.

రిజిస్ట్రేషన్ పత్రాలు, ఆడిట్ నివేదికలు, ప్రత్యేక బ్యాంకు ఖాతా వంటివన్నీ తొందరగానే అయిపోయాయి. బడ్జెట్ పద్దులు కూడా పెద్దగా గొడవ లేకుండా ఖరారయ్యాయి. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు పది శాతం వరకు మార్చుకోవచ్చు, అది దాటితే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి అన్నారు. అందులో తప్పేమీ లేదు.

అసలు కథ చెల్లింపుల పట్టికది. అర్థం కావడానికి మొత్తం గ్రాంటును 100 అనుకోండి. అందులో జీతాలు 36, శిక్షణ కార్యక్రమాలు 24, శిక్షణకు కావలసిన సామగ్రి 22. ఆఫీసు ఖర్చులో మా వాటా, ప్రయాణాలు, సంస్థ నిర్వహణ ఖర్చు తలా 6. జీతాలు, ఆఫీసు, ప్రయాణాలు, నిర్వహణ కలిపి నెలకు 4.5 చొప్పున ఏడాది పొడవునా ఒకేలా పోతాయి. సామగ్రి మాత్రం నాలుగో నెలలో ఒకేసారి కొనాలి, ఆ వెంటనే శిక్షణ మొదలై మూడు నెలలు సాగాలి. అంటే మొదటి మూడు నెలల్లో 13.5 ఖర్చయితే, నాలుగో నెల ఒక్కదానిలోనే 34.5 కావాలి.

వాళ్ల పట్టిక ఎలా ఉందో చూడండి. సంతకం కాగానే 30. తర్వాత 30 చొప్పున రెండు విడతలు. చివరి 10 తుది నివేదికను ఆమోదించాక. ప్రతి విడతకూ ఒక షరతు ఉంది. అప్పటివరకు అందిన డబ్బులో కనీసం 70 శాతం ఖర్చయినట్టు చూపించి, ఆ నివేదికను వాళ్లు ఆమోదిస్తేనే తర్వాతి విడత విడుదలవుతుంది.

లెక్క వేసి చూడండి. 30లో 70 శాతం అంటే 21. మూడో నెలాఖరుకు మేం ఖర్చు చేయగలిగింది 13.5 మాత్రమే, కాబట్టి రెండో విడత రాదు. చేతిలో 16.5 మిగులుతుంది, దానితో 22 విలువైన సామగ్రి కొనలేం. సామగ్రి లేకుండా శిక్షణ మొదలుపెట్టలేం. కొంటే గానీ ఖర్చు సమయానికి 70 శాతానికి చేరదు, 70 శాతానికి చేరితే గానీ కొనడానికి డబ్బు రాదు. ఎటు నుంచీ దారి లేదు.

సరఫరాదారుకు సగం అడ్వాన్సు ఇచ్చి ఆర్డరు పెట్టేస్తే? అదీ ఆలోచించాను. 11 అడ్వాన్సుగా ఇవ్వొచ్చు. కానీ వాళ్ల నిబంధన ప్రకారం సరఫరాదారుకు ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కిందికి రాదు, సామాను చేతికి అందాకే దాన్ని ఖర్చుగా రాయాలి. మిగతా సగం కట్టకపోతే సామాను రాదు. అప్పుడు బ్యాంకులోనూ డబ్బు ఉండదు, నివేదికలోనూ ఖర్చు కనిపించదు. ఇప్పుడున్న దానికంటే ఘోరం.

ఇదంతా సంతకానికి ముందే చెప్పాను. నెలవారీగా ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అని ఒక షీటు తయారుచేసి, నాలుగో నెల దగ్గర లోటును ఎర్ర రంగులో చూపించి పంపాను. "ఇది మా టెంప్లేటండీ, భాగస్వాములందరికీ ఇదే, మార్చలేం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ఆ షీటును ఎవరూ తెరవలేదని నాకు తర్వాత తెలిసింది. గడువు ముంచుకొస్తోందని మా కార్యదర్శి గారు సంతకం చేశారు. ఆయనను అనడానికి లేదు. డబ్బు ఇచ్చేవాళ్లు మారం అంటే తీసుకునేవాళ్లు ఎంతవరకు నిలబడగలరు?

నాలుగో నెలలో జీతాలు, మామూలు ఖర్చులు తప్ప ఏమీ జరగలేదు. మొత్తం ఖర్చు 18కి చేరింది. ఆ సమయంలో భాగస్వామి సంస్థలన్నిటితో ఒక ఆన్‌లైన్ సమావేశం పెట్టారు. తెర మీద ఒక పట్టిక, ప్రతి సంస్థ పేరు పక్కన ఖర్చు శాతం. మా పేరు దగ్గర ఎరుపు. మా ప్రాజెక్టును చూసే వాళ్ల కార్యక్రమ అధికారి అందరి ముందే అడిగారు, "నాలుగు నెలల్లో జీతాలు తప్ప మీరు చేసిందేమిటి? ఒక్క శిక్షణ కూడా జరగలేదు కదా" అని. ఖర్చు చేసే సామర్థ్యం లేని సంస్థలకు వచ్చే ఏడాది గ్రాంటు తగ్గించాల్సి ఉంటుందని కూడా అన్నారు. మా క్షేత్ర సిబ్బంది కూడా ఆ సమావేశంలో ఉన్నారు. పిల్లల ఫీజులు కట్టడానికి ఆ జీతాలే ఆధారమైన మనుషులు వాళ్లు. ఏదో ఊరికే కూర్చుని డబ్బు తీసుకుంటున్నట్టు ఆ మాట వాళ్లకు తగిలింది. ఆ రోజు నాకు కలిగిన అవమానం ఇంకా పోలేదు. ఎవరి పట్టిక వల్ల పని ఆగిందో వాళ్లే పని ఎందుకు ఆగిందని అడిగారు.

నేను మాట్లాడబోతే "విడిగా మాట్లాడదాం" అన్నారు. విడిగా మాట్లాడినప్పుడు ఆ అధికారి ఇచ్చిన సలహా, మా సొంత నిల్వల నుంచి పెట్టుకోమని. చిన్న సంస్థకు నిల్వలు ఎక్కడి నుంచి వస్తాయి? పాత గ్రాంట్లలో మిగిలిన ప్రతి పైసా తిరిగి ఇచ్చేయమనే కదా ప్రతి ఒప్పందంలోనూ ఉండేది. అప్పు తెచ్చుకోవచ్చు కదా అన్నారు. ఆ వడ్డీ వాళ్ల ఒప్పందం ప్రకారమే అనుమతించని ఖర్చు. ఆ వడ్డీ ఎవరు కడతారని అడిగితే సమాధానం లేదు.

ఇక ఆ అధికారితో మాట్లాడటం మానేశాను. వాళ్ల ఆర్థిక విభాగం అధిపతికి, మా కార్యదర్శి గారి సంతకంతో, ఒక పేజీ ఉత్తరం రాశాను. ఇది చదివేవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. "ముందుగా ఎక్కువ ఇవ్వండి" అని అడగకండి. వాళ్లకూ పైనుంచి విడతల్లోనే డబ్బు వస్తుంది, మేం తప్పుగా ఖర్చు చేస్తే దాతకు తిరిగి కట్టాల్సింది వాళ్లే. అందుకే డబ్బు మా ఖాతాలో ఖాళీగా పడి ఉంటే వాళ్లకు భయం. ఆ భయం న్యాయమైనదే. నేను అడిగింది మొత్తం పెంచమని కాదు, డబ్బు విడుదలకు పెట్టిన షరతు మార్చమని. రెండో విడతకు ఖర్చు శాతాన్ని కాకుండా, కొటేషన్ల పోలిక పట్టికను, వాళ్లు ఆమోదించిన కొనుగోలు ఆర్డరును ఆధారంగా తీసుకోండి అన్నాను. డబ్బు ఎక్కడికి పోతోందో కాగితం మీద కనిపిస్తుంది కాబట్టి వాళ్ల భయమూ తీరుతుంది.

షీటు మళ్లీ జతచేశాను. ఈసారి తెరిచారు. ఆయన స్వయంగా ఫోన్ చేసి, "ఇది ముందే ఎందుకు పంపలేదు?" అని అడిగారు. ముందు పంపిన ఈమెయిల్‌ను తేదీతో సహా ఆయనకు ఫార్వర్డ్ చేశాను. ఆ తర్వాత పని చకచకా సాగింది.

సవరించిన పట్టిక ఇది: 30, 35, 30, 5. రెండో విడత 35 కొనుగోలు ఆర్డరు మీద. ఒక నెల ఆలస్యంతో సామగ్రి, శిక్షణ ఐదో నెలలో మొదలవుతాయి. ఐదో నెలాఖరుకు మొత్తం ఖర్చు 52.5, అందిన 65లో అది 80 శాతం దాటుతుంది, కాబట్టి మూడో విడతకు పాత షరతే ఉన్నా మాకు ఇబ్బంది లేదు. ఆరో నెలాఖరుకు ఖర్చు సరిగ్గా 65 అవుతుంది, అంటే చేతిలో సున్నా. ఐదో నెల నివేదికను చూడటానికి వాళ్లకున్న సమయం ఒక్క నెలే. అందుకే ఒక వాక్యం పట్టుబట్టి రాయించాను. నివేదిక అందిన 30 రోజుల్లో డబ్బు రావాలి, లేదా రాతపూర్వకంగా ప్రశ్నలు రావాలి. ఏదైనా ఒక ఖర్చు మీద ప్రశ్న ఉంటే ఆ మొత్తాన్ని మాత్రమే ఆపాలి, విడత మొత్తాన్ని కాదు. పాత ఒప్పందంలో వాళ్లకు ఏ గడువూ లేదు, గడువులన్నీ మాకే. ఒక బస్సు టికెట్టు మీద సందేహం వచ్చినా విడత మొత్తం ఆగిపోయేది.

చివరి విడతను 10 నుంచి 5కు తగ్గించమనడానికీ కారణం ఉంది. తుది నివేదిక ఆమోదం పొందాకే అది వస్తుంది, ప్రాజెక్టు ముగిశాక అందుకు ఎంత కాలమైనా పట్టొచ్చు. 10 ఆపితే చివరి రెండు నెలల ఖర్చంతా మేం ఎక్కడి నుంచో తెచ్చి పెట్టాలి. 5 ఆపితే దాదాపు ఒక్క నెల ఖర్చు. దానికి మా సభ్యుల చందాలు సరిపోతాయి.

నాకు దొరకనిది ఒకటుంది. నిర్వహణ ఖర్చు కింద మాకు ఇచ్చిన 6, మిగతా 94 మీద ఆరున్నర శాతం కూడా కాదు. అసలు దాత ఎవరో, ఆ దాత నిబంధన ఏమిటో ముందే అడగండి. యూరోపియన్ యూనియన్ గ్రాంట్లలో పరోక్ష ఖర్చులకు, అంటే ఇలాంటి నిర్వహణ ఖర్చులకు, సాధారణంగా 7 శాతం వరకు ఇస్తారు. అమెరికా ప్రభుత్వ నిధులైతే, ప్రభుత్వంతో ఖరారైన రేటు లేని సంస్థలు ఈ ఖర్చులకు వాడుకోగల రేటును 2024 అక్టోబరు నుంచి 10 శాతం నుంచి 15 శాతానికి పెంచారు. దాన్ని ఏ ప్రత్యక్ష ఖర్చుల మీద లెక్కకట్టాలో కూడా ఆ నిబంధనల్లోనే ఉంటుంది. పెద్ద సంస్థకు పైనుంచి ఎంత వస్తోంది, అందులో మీకు ఎంత దిగుతోంది అని అడగడం మీ హక్కు. మాకు "వచ్చే ఒప్పందంలో చూద్దాం" అన్నారు. ఆ మాట ఈమెయిల్‌లో రాసి పంపించుకున్నాను.

మరో విషయం తెలిసింది. నా షీటును ఇప్పుడు మిగతా భాగస్వాములకు కూడా పంపి, సంతకానికి ముందే నింపమంటున్నారట. నాకు గర్వంగా ఉంది. దానిలో పెద్ద విద్య ఏమీ లేదు. ప్రతి నెలకూ నాలుగు గడులు: నెల మొదట చేతిలో ఉన్నది, ఆ నెలలో రావాల్సిన విడత, ఆ నెల ఖర్చు, మిగిలేది. విడతను పట్టికలో రాసిన నెలలో వేయకండి. నివేదిక పంపే తేదీకి పరిశీలన సమయం కలిపి, నిజంగా ఎప్పుడు వస్తుందో ఆ నెలలో వేయండి. చివరి గడిలో ఎక్కడైనా మైనస్ కనిపిస్తే ఆ నెలకు ముందు విడత షరతును మార్చమని అడగండి, సంతకం ఆ తర్వాతే.

సామగ్రికి డబ్బు ఈ రోజు ఉదయం కట్టేశాం. వచ్చే సోమవారం సామాను దిగుతుందని సరఫరాదారు చెప్పారు.